మహోదయ్ ఎవరికి, జనాబ్-ఎ-ఆలీ ఎవరికి?

హిందీలోనైనా ఉర్దూలోనైనా లాంఛనంగా రాసే ఉత్తరంలో మొదటి మాట అవతలివారు ఎవరో చెబుతుంది. చివరి మాట వారి ముందు రాసేవారు ఎవరో చెబుతుంది. 'మహోదయ్' అని మొదలుపెట్టి 'ఆప్‌కా స్నేహీ' అని ముగిస్తే పరాయి అధికారిని పలకరించి చిన్ననాటి స్నేహితుడి దగ్గర సెలవు తీసుకున్నట్టు ఉంటుంది. అందుకే ఈ రెంటినీ జతగానే ఎంచుకోవాలి. హిందీ వ్యాకరణ పుస్తకాలు మొదటి మాటను సంబోధన్ అని, దాని తర్వాత వచ్చే నమస్కారాన్ని అభివాదన్ అని, చివర సంతకం పైన వచ్చే మాటను స్వనిర్దేశ్ అని అంటాయి. ఉర్దూలో సంబోధన, నమస్కారం కలిపి అల్ఖాబ్-ఓ-ఆదాబ్. ముగింపు ఖాతిమా.

తెలుగువారికి ఈ అవసరం అరుదేమీ కాదు. 1976 నాటి రాజభాషా నియమాల్లో అయిదోదాని ప్రకారం కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి హిందీలో వచ్చిన ఉత్తరానికి హిందీలోనే జవాబివ్వాలి. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఉన్న కేంద్ర కార్యాలయానికీ ఇది వర్తిస్తుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తించాయి. చాలామంది ఉత్తరం మధ్యభాగాన్ని ఎలాగో రాసేస్తారు. ఆగిపోయేది మొదటి పంక్తి దగ్గర, చివరి పంక్తి దగ్గర.

ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: ఉత్తరం వెళ్తున్నది కుర్చీకా, కుర్చీలో కూర్చున్న మనిషికా? బ్యాంకు శాఖాధికారికి, విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకు, జిల్లా కలెక్టరుకు ఆ పదవిని బట్టి రాసేటప్పుడు పేరుతో పనిలేదు. ఆ అధికారి బదిలీ అయినా ఉత్తరం కొత్తగా వచ్చినవారి బల్ల మీదికే చేరుతుంది. అలాంటప్పుడు సంబోధన పదవికి తగినట్టు ఉంటుంది, వ్యక్తిగతమైన నమస్కారం ఉండదు. పేరు తెలిసి, ముఖపరిచయం ఉండి, ఆ మనిషినే ఉద్దేశించి రాసినప్పుడు సంబోధనలో పేరో, గౌరవ పదమో వస్తుంది, కింద నమస్కారం వస్తుంది, ముగింపులోనూ ఆ పరిచయం కనిపిస్తుంది.

హిందీలో కుర్చీకి రాసే ఉత్తరం ఒక స్థిరమైన రూపంలో ఉంటుంది. పైన ఎడమవైపు 'సేవా మేఁ' అని రాసి, కింద పదవి, చిరునామా, ఆ తర్వాత 'విషయ్' రాస్తారు. సంబోధనగా 'మహోదయ్' అని రాసి కామా పెడతారు. సంతకం పైన 'భవదీయ్' ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల మధ్య నడిచే మామూలు ఉత్తరాలన్నిటికీ ఈ జతే సరిపోతుంది. దీన్లో పొరపాటు జరిగేది స్త్రీలింగ రూపాల దగ్గర. 'మహోదయ్' అన్న మాట చదివేవారిని బట్టి మారుతుంది. స్త్రీ అయితే 'మహోదయా'. 'భవదీయ్' మాత్రం రాసేవారిని బట్టి మారుతుంది, తెలుగులో విధేయుడు, విధేయురాలు మారినట్టే. ఒక మహిళా ఉద్యోగి పురుషాధికారికి రాస్తే పైన 'మహోదయ్', కింద 'భవదీయా' ఉండాలి. పురుషుడు మహిళాధికారికి రాస్తే పైన 'మహోదయా', కింద 'భవదీయ్'. పైన స్త్రీలింగం ఉంది కదా అని కింద కూడా అదే పెట్టడం తరచుగా కనిపించే తప్పు. కుర్చీలో ఉన్నది ఎవరో తెలియనప్పుడు 'మహోదయ్/మహోదయా' అని గీత పెట్టి రెండూ రాయడం ఇప్పుడు వాడుకలో ఉంది, అదే మర్యాద కూడా.

దరఖాస్తు పద్ధతి కొంచెం వేరు. సెలవు కోసం, ఫీజు రాయితీ కోసం, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు కోసం రాసేది 'సవినయ్ నివేదన్ హై కి' అని మొదలవుతుంది. చివర 'ప్రార్థీ', స్త్రీ అయితే 'ప్రార్థినీ' అని ఉంటుంది. బడిపిల్లలు ప్రధానోపాధ్యాయుడికి రాసేటప్పుడు 'ఆప్‌కా ఆజ్ఞాకారీ శిష్య' అంటారు, ఆడపిల్ల అయితే 'ఆప్‌కీ ఆజ్ఞాకారిణీ శిష్యా'. ఇవన్నీ అవతలివారి దయ మీద ఆధారపడిన పనికి తగిన మాటలు. హక్కుగా అడిగేదానికి ఇంత ప్రాధేయపడనవసరం లేదు. ఖాతాలో పొరపాటున కోత పడిన డబ్బు తిరిగి జమ చేయమని బ్యాంకుకు రాసే ఉత్తరం 'ప్రార్థీ' అని ముగియనక్కర్లేదు, 'భవదీయ్' చాలు. సమాచార హక్కు కింద పెట్టే అర్జీకి 'ఆవేదక్' అన్నది నిండైన మాట. అందులో వినయమూ ఉంటుంది, నిటారుతనమూ ఉంటుంది.

అర్ధ సర్కారీ పత్ర్ అనే మరో రకం ఉంది. ఇద్దరు అధికారుల మధ్య, హోదాలో మరీ పెద్ద దూరం లేనప్పుడు, ఒక పని మీద స్వయంగా దృష్టి పెట్టమని కోరడానికి దీన్ని రాస్తారు. ఇక్కడ కుర్చీ పక్కకు జరిగి మనిషి ముందుకు వస్తాడు. 'ప్రియ్ శ్రీ' అని ఇంటిపేరుతో పిలుస్తారు, ఉత్తరం 'మైఁ' అని ఉత్తమ పురుషలో సాగుతుంది, 'సాదర్' అని, కింద 'ఆప్‌కా' అని ముగుస్తుంది. ఉత్తరమంతా టైపులో ఉన్నా సంబోధనను, ముగింపు మాటను మాత్రం అధికారి తన చేత్తో సిరాతో రాయడం చాలా కార్యాలయాల్లో ఆనవాయితీ. ఆ రెండు మాటలే దాన్ని మిగతా కాగితాల నుంచి వేరు చేస్తాయి. దీనికి పూర్తి వ్యతిరేకం కార్యాలయ్ జ్ఞాపన్. అది ప్రథమ పురుషలో నడుస్తుంది, కింద సంతకం చేసినవారు తమను తాము 'అధోహస్తాక్షరీ' అని చెప్పుకుంటారు. దానికి సంబోధన లేదు, భవదీయ్ లేదు, సంతకం, పేరు, హోదా మాత్రమే ఉంటాయి. జ్ఞాపన్‌కు మహోదయ్ తగిలిస్తే రాసినవారికి కార్యాలయ పద్ధతి తెలియదని మొదటి పంక్తిలోనే బయటపడుతుంది.

మనిషికి రాసేటప్పుడు హిందీలో మెట్లు ఎక్కువ. వయసులోనో విద్యలోనో పెద్దవారికి 'ఆదరణీయ', మంత్రులకు, చట్టసభ సభ్యులకు, న్యాయమూర్తులకు 'మాననీయ', సభలూ సంస్థలూ నడిపే పెద్దమనుషులకు 'మాన్యవర్'. 'పూజ్య' ఇంట్లోని పెద్దలకు, గురువులకు, సాధువులకు తగినది, ఆఫీసు ఉత్తరంలో బొత్తిగా ఇమడదు. రాష్ట్రపతికి, గవర్నర్లకు 'మహామహిమ్' అని రాసే అలవాటు చాలాకాలం ఉండేది. 2012లో ప్రణబ్ ముఖర్జీ రాష్ట్రపతిగా ఉన్నప్పుడు రాష్ట్రపతి భవన్ దేశంలోపల ఆ మాటను పక్కన పెట్టాలని సూచించింది. దాని స్థానంలో హిందీలో 'రాష్ట్రపతి మహోదయ్', పేరుకు ముందు 'మాననీయ' వచ్చాయి. పాత నమూనా పుస్తకాలు చూసి రాసేవారు ఇప్పటికీ 'మహామహిమ్' పెడుతుంటారు. ఆ పుస్తకాలను ఈ విషయంలో నమ్మకూడదు.

'ప్రియ్' దగ్గర తెలుగువారు జాగ్రత్తగా ఉండాలి. పెద్దవారు చిన్నవారికి రాయవచ్చు, సమానులు ఒకరికొకరు రాసుకోవచ్చు, వ్యాపార సంస్థలు ఖాతాదారుకు 'ప్రియ్ మహోదయ్' అని రాస్తాయి. పై అధికారికి, ఉపాధ్యాయుడికి కిందివారు అలా రాయడం చనువు తీసుకోవడమే. ముగింపులో 'శుభ్‌చింతక్', 'శుభేచ్ఛు' కూడా ఇలాంటివే. మేలు కోరడమన్నది పెద్దవారి వైపు నుంచి గానీ సమానుల నుంచి గానీ రావాలి. ప్రొఫెసరుకు విద్యార్థి 'ఆప్‌కా శుభ్‌చింతక్' అని సంతకం చేస్తే ఆశీర్వదించినట్టవుతుంది. అక్కడ 'వినీత్' గానీ, చదువుకున్న సంబంధం ఉంటే 'ఆప్‌కా శిష్య' గానీ ఉండాలి. ఇంకో చిక్కు తెలుగు నుంచి వస్తుంది. తెలుగులో 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టే అలవాటుతో హిందీలోనూ ఆ మాటనే సంబోధనగా దించుతారు. హిందీలో ఆ చోటు 'ఆదరణీయ'ది, హోదాను బట్టి 'మాననీయ'ది.

ఉర్దూ సంగతికి వస్తే, మీర్జా గాలిబ్‌ను తలుచుకోకుండా ఉత్తరాల గురించి మాట్లాడడం కుదరదు. ఆయన యౌవనంలో ఫారసీలో రాసిన 'పంజ్ ఆహంగ్' మొదటి భాగం అల్ఖాబ్-ఓ-ఆదాబ్ గురించే, అంటే ఎవరిని ఏ మెట్టు మీద ఎలా పిలవాలో చెప్పే పాఠం. ఆ కాలపు ఫారసీ ఉత్తరంలో బిరుదులే పంక్తుల కొద్దీ సాగేవి. తర్వాతి రోజుల్లో ఉర్దూలో మిత్రులకు రాసినప్పుడు గాలిబ్ ఆ బరువంతా దింపేశాడు. 'మియాఁ' అనో, 'భాయీ' అనో, ఒక్కోసారి ఏ సంబోధనా లేకుండానో ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు మొదలుపెట్టాడు. ఆ ఉత్తరాలు 1868లో 'ఊద్-ఎ-హిందీ'గా, 1869లో 'ఉర్దూ-ఎ-ముఅల్లా'గా పుస్తకాలయ్యాయి. అయితే తనకు నెలనెలా భత్యం పంపిన రాంపూర్ నవాబుకు రాసినప్పుడు మాత్రం ఆయన పాత మర్యాదను వదల్లేదు. నిండైన బిరుదుతో మొదలుపెట్టి, తస్లీమ్ చెప్పుకుని, ఆ తర్వాతే విషయంలోకి వెళ్లాడు. ఉర్దూ ఉత్తరాన్ని సరళం చేసిన మనిషే అందరికీ ఒకే సరళత పనికిరాదని తన చేతలతో చూపించాడు.

నేటి ఉర్దూలో కుర్చీకి రాసే ఉత్తరం 'బఖిద్మత్ జనాబ్' అని మొదలై, పదవి పేరు, 'సాహబ్'తో మొదటి పంక్తి పూర్తవుతుంది. సంబోధన 'జనాబ్-ఎ-ఆలీ', దాని పక్కన కామా కాదు, ఆశ్చర్యార్థక చిహ్నం పెడతారు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది కాబట్టి చిరునామా కుడివైపు మొదలై, సంతకం ఎడమవైపు కింద పడుతుంది. దరఖాస్తు అయితే 'మొఅద్దబానా గుజారిష్ హై' అని విషయం ఎత్తుకుని, 'ఐన్ నవాజిష్ హోగీ' అని ముగించి, సంతకం పైన 'అల్-ఆరిజ్' గానీ 'దర్ఖ్వాస్త్ గుజార్' గానీ రాస్తారు. 'ఆప్‌కా తాబేదార్' అనే పాత ముగింపు ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. అది దొరల కాలపు సేవకభావం, ఇవాళ ఒక పౌరుడు ప్రభుత్వ కార్యాలయానికి రాసే కాగితంలో దానికి చోటివ్వకపోవడమే మంచిది.

కుర్చీలో ఉన్నది స్త్రీ అయితే 'జనాబ్' బదులు 'మొహతరమా', 'సాహబ్' బదులు 'సాహిబా' వాడాలి. 'జనాబా' అనే రూపాన్ని భాష మీద పట్టింపు ఉన్నవారు ఒప్పుకోరు, దాని జోలికి పోకపోవడం మేలు. 'మొహతరమా'తో ఇంకో సౌకర్యం ఉంది. పెళ్లయినదా కానిదా అన్న ప్రశ్నే రాదు. హిందీలో ఆ సంగతి తెలియనప్పుడు పేరుకు ముందు 'శ్రీమతీ' బదులు 'సుశ్రీ' పెట్టుకోవాలి.

మనిషికి రాసేటప్పుడు పరిచయం లేని, గౌరవించదగిన వ్యక్తికి 'మొహతరమ్', పత్రికా సంపాదకుడి వంటివారికి 'ముకర్రమీ', మంత్రులకు, గవర్నర్లకు 'ఇజ్జత్ మఆబ్' వాడతారు. మదరసా పెద్దకో ధార్మిక పండితుడికో రాసేటప్పుడు 'హజ్రత్ మౌలానా' అని పేరు రాసి, 'సాహబ్' చేర్చి, ఆ తర్వాత 'దామత్ బరకాతుహుమ్' వంటి దుఆ వాక్యం జతచేస్తారు. ఆ వాక్యం బతికున్నవారికే వాడేది. అర్థం తెలియకుండా ఏదో ఒక అరబ్బీ మాట పక్కన పెడితే, కీర్తిశేషులకు వాడే మాట బతికున్న పెద్దాయన పేరు పక్కన పడే ప్రమాదం ఉంది.

సంబోధన తర్వాత నమస్కారం. ఇక్కడ అవతలివారి మతమూ లెక్కలోకి వస్తుంది. ముస్లింలు ఒకరికొకరు రాసుకునేటప్పుడు 'అస్సలాము అలైకుమ్' సహజం. హిందువుకో క్రైస్తవుడికో ఉర్దూలో రాసేటప్పుడు, వారు తిరిగి రాసేటప్పుడు 'ఆదాబ్', 'తస్లీమ్' లేదా 'తస్లీమాత్' నడుస్తాయి. లక్నోలోనూ హైదరాబాదులోనూ మతభేదం లేకుండా అందరూ చెప్పుకున్న మాట 'ఆదాబ్'. అవతలివారి విశ్వాసం తెలియనప్పుడు ఇంతకంటె నిశ్చింతగా వాడగలిగిన మాట మరొకటి లేదు. పైన సలామ్ చెప్పిన ఉత్తరం కింద 'వస్సలామ్' అని ముగియడం అందం. కుర్చీకి రాసే దరఖాస్తులో ఇవేవీ తప్పనిసరి కాదు, 'జనాబ్-ఎ-ఆలీ' తర్వాత నేరుగా విషయంలోకి వెళ్లవచ్చు.

ఉర్దూ ముగింపు మాటల్లో ఎక్కువ మందికి సరిపోయేది 'నియాజ్‌మంద్'. పెద్దవారికీ సమానులకూ చెల్లుతుంది, రాసేవారు ఆడైనా మగైనా మారదు. 'ఖాక్‌సార్' అంతకంటె ఒక మెట్టు దిగిన వినయం, పండితులకు, పెద్ద రచయితలకు రాసేటప్పుడు శోభిస్తుంది, ఎలక్ట్రిసిటీ ఆఫీసుకు రాసేటప్పుడు శోభించదు. కొంత పరిచయమున్న సమానులకు 'ముఖ్లిస్'. 'ఖైర్ అందేశ్' మేలు కోరే మాట కాబట్టి హిందీ 'శుభ్‌చింతక్'కు ఉన్న హద్దే దీనికీ ఉంది. పెద్దవారు చిన్నవారికి రాసేటప్పుడు 'దుఆగో' అంటారు. చాలా ఉత్తరాల్లో వీటికి ముందు 'ఫఖత్' అనే మాట ఒంటరిగా కనిపిస్తుంది. అది మర్యాద మాట కాదు. విషయం ఇక్కడితో అయిపోయిందని, దీని కింద ఎవరూ మరో పంక్తి చేర్చకూడదని చెప్పే గుర్తు, చెక్కు మీద అక్షరాల్లో రాసిన మొత్తం తర్వాత 'మాత్రమే' అని రాసినట్టు.

ఈ లెక్కలన్నీ ఒక్క సందర్భంలో పెట్టి చూడవచ్చు. కర్నూలుకు చెందిన ఒక విద్యార్థిని ఉత్తరాది విశ్వవిద్యాలయంలో చదువు ముగించి ఇంటికి వచ్చింది. మార్కుల పత్రం పోయింది. దాని నకలు కోసం రిజిస్ట్రారుకు హిందీలో రాయాలి. ఆ పదవిలో ఎవరున్నారో తెలియదు. ఆమె ఉత్తరం మొదలు, చివర ఇలా ఉంటాయి:

సేవా మేఁ,
కుల్‌సచివ్,
(విశ్వవిద్యాలయం పేరు, ఊరు)
మహోదయ్/మహోదయా,
సవినయ్ నివేదన్ హై కి...
ఆప్‌కీ అతి కృపా హోగీ.
సధన్యవాద్,
ప్రార్థినీ

ఇందులో ఎక్కడా నమస్కారం లేదు, కుర్చీకి అవసరం లేదు కనుక. అదే పని మీద ఉర్దూ మాధ్యమంలో చదివిన ఆమె స్నేహితురాలు తన విశ్వవిద్యాలయానికి రాస్తే, రిజిస్ట్రారు పురుషుడని తెలిసినప్పుడు రూపం ఇలా మారుతుంది:

బఖిద్మత్ జనాబ్ రిజిస్ట్రార్ సాహబ్,
(విశ్వవిద్యాలయం పేరు, ఊరు)
జనాబ్-ఎ-ఆలీ!
మొఅద్దబానా గుజారిష్ హై కె...
ఐన్ నవాజిష్ హోగీ.
ఫఖత్
దర్ఖ్వాస్త్ గుజార్

నెల గడిచినా జవాబు రాలేదు. విద్యార్థిని తనకు పాఠం చెప్పిన ప్రొఫెసరమ్మకు రాసి, కాస్త కనుక్కోమని అడగాలనుకుంది. ఇప్పుడు ఉత్తరం మనిషికి. 'సేవా మేఁ' పోతుంది, 'విషయ్' పంక్తి పోతుంది. 'ఆదరణీయా' అని స్త్రీలింగంలో మొదలుపెట్టి ప్రొఫెసరు పేరు, 'జీ' చేర్చాలి. కింద 'సాదర్ ప్రణామ్', చివర 'ఆప్‌కీ శిష్యా'. ఇక్కడ 'ప్రార్థినీ' పెడితే తెలిసిన గురువును దూరం పెట్టినట్టవుతుంది. ఉర్దూ స్నేహితురాలు తన ఉస్తాదుకు రాస్తే 'మొహతరమా ప్రొఫెసర్ సాహిబా' అని, అవతలివారిని బట్టి 'అస్సలాము అలైకుమ్' గానీ 'తస్లీమాత్' గానీ చెప్పి, చివర 'ఆప్‌కీ షాగిర్ద్' అంటుంది. పని ఒక్కటే, అడిగేదీ ఒక్కటే. చదివేవారు మారినందుకు రెండు కొసలూ మారాయి.

రాసినదాన్ని పంపే ముందు ఒకసారి సరిచూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సంస్కృత మర్యాద పదాలూ ఫారసీ మర్యాద పదాలూ ఒకే ఉత్తరంలో కలిసిపోకూడదు. పైన 'జనాబ్-ఎ-ఆలీ' ఉంటే కింద 'భవదీయ్' ఉండదు, 'మొహతరమ్ మహోదయ్' అన్న కలగలుపు ఏ భాషకూ చెందదు. గౌరవం మీద గౌరవం పేర్చడం ఇంకో తప్పు. 'శ్రీమాన్ మాననీయ మహోదయ్ జీ'లో నాలుగు గౌరవాలున్నా ఒక్కదానికీ బలం లేదు. తన పేరుకు తానే గౌరవం తగిలించుకోకూడదు. సంతకం కింద సొంత పేరుకు 'శ్రీ' పెట్టరు, ఉర్దూలో 'సాహబ్' పెట్టరు. పేరును బట్టి ఆడో మగో తెలియని సందర్భంలో జవాబు రాసేవారికి వీలుగా ఉండాలని స్త్రీలు బ్రాకెట్లో 'శ్రీమతీ' లేదా 'సుశ్రీ' అని రాయడం మాత్రం అంగీకరించిన పద్ధతే.

ఈమెయిల్లో ఈ రూపాలన్నీ పొట్టిగా మారాయి. 'సేవా మేఁ', చిరునామా పోయి 'విషయ్' విషయపు పెట్టెలోకి వెళ్లింది. హిందీలో 'మహోదయ్', 'సాదర్', కింద పేరు, హోదా ఉంటే చాలు. ఉర్దూలో 'మొహతరమ్', 'ఆదాబ్', చివర 'నియాజ్‌మంద్' సరిపోతాయి. దరఖాస్తును ఈమెయిలుకు జతచేసి పంపేటప్పుడు మాత్రం జతచేసిన కాగితంలో పాత రూపం పూర్తిగా ఉండాలి. ఫైల్లోకి ఎక్కేది ఆ కాగితమే.